మామిడితోటలోపలికోతి

పై వరుసను ఒకసారి పైకి చదవండి. తెలుగు చదవటం అలవాటైన నోరు ఎక్కడా తడబడదు. మామిడి తోట లోపలి కోతి. మధ్యలో ఒక్క ఖాళీ కూడా లేకపోయినా నాలుగు మాటలూ వాటంతటవే విడివడ్డాయి. ఎలా విడదీశారని అడిగితే మాత్రం చెప్పటం కష్టం.

ఇప్పుడు ఇదే పనిని లిపి వచ్చి, భాష రాని మనిషికి అప్పగిద్దాం. ఆయన చేతికి ఏడు మాటల జాబితా ఇద్దాం: మా, మామిడి, మామిడితో, తోట, తోటలో, లోపలి, కోతి. వరుసలోని ప్రతి అక్షరమూ ఏదో ఒక మాటలోకి రావాలి. ఒక్కటి కూడా మిగలకూడదు, ఒకే అక్షరం రెండు మాటల్లో పడకూడదు. అవసరమైతే ఒకే మాటను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

ఆయన ఎడమ నుంచి మొదలుపెడతాడు. చిన్న మాట దొరకగానే కోసేద్దామనుకుంటే మొదట "మా" దొరుకుతుంది. తర్వాత మిగిలింది "మిడితోట..." అని మొదలవుతుంది. "మి"తో మొదలయ్యే మాట జాబితాలో లేదు, కాబట్టి దారి మూసుకుపోయింది. సరే, ఈసారి దొరికినంతలో పెద్ద మాటనే తీసుకుందామంటే "మామిడితో" వస్తుంది. దాని తర్వాత "ట" మిగులుతుంది. అదీ మూసుకుపోయింది. వెనక్కి వచ్చి "మామిడి" దగ్గర కోసి, మళ్ళీ పెద్ద మాట కోసం చూస్తే "తోటలో" దొరుకుతుంది. ఇప్పుడు మిగిలింది "పలికోతి". మళ్ళీ వెనక్కి. ఈసారి "తోట" దగ్గర ఆగితే "లోపలి", "కోతి" వరసగా కుదురుతాయి. చిన్నదాన్ని పట్టుకున్నా ఇరుక్కున్నాడు, పెద్దదాన్ని పట్టుకున్నా ఇరుక్కున్నాడు. ముందుకు చూసి ఒకే నియమంతో కోసుకుంటూ పోతే పని జరగదని ఈ పది అక్షరాలే చెబుతున్నాయి.

ఇది కల్పించిన చిక్కు కాదు. తాటాకు మీద గంటంతో రాసిన మన పాత ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. శాసనాలూ అంతే. ఖాళీలు వదిలి రాయటం మనకు అచ్చుతోపాటు స్థిరపడిన అలవాటు. థాయ్ భాషలో ఈనాటికీ మాటల మధ్య ఖాళీ వదలరు. ఫోన్ తెర మీద థాయ్ వాక్యం ఒక వరుసలో పట్టకపోతే ఎక్కడ విరిచి కింది వరుసలోకి దించాలో తెలియాలంటే, ఆ ఫోన్‌లోని ప్రోగ్రాం నిఘంటువు దగ్గర పెట్టుకుని మాటల హద్దులు వెతుక్కోవాలి. నాకు ఈ చిక్కు పాత పుస్తకాల పనిలో తగిలింది. స్కాన్ చేసిన పేజీలను ఓసీఆర్ అక్షరాలుగా మార్చేటప్పుడు కొన్ని వరుసల్లో ఖాళీలన్నీ పోతాయి. ఎనభై తొంభై అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. చేత్తో విడదీస్తూ కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు.

ఆ రోజుల్లోనే మా మేనకోడలు సెలవులకు వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చివరి ఏడాది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారవుతోంది. నా తెర మీదకు తొంగి చూసి, "మావయ్యా, ఇది వర్డ్ బ్రేక్ కదా" అంది. ఇంటర్వ్యూలకు చదివే పిల్లలందరూ లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో అభ్యాసం చేసే లెక్కల్లో ఇది 139వది. ఒక అక్షరాల వరుస ఇస్తారు, ఒక మాటల జాబితా ఇస్తారు. ఆ వరుసను పూర్తిగా జాబితాలోని మాటలుగా విడదీయటం సాధ్యమా కాదా, ఔను లేదా కాదు అని మాత్రం చెప్పాలి. ఎలా విడదీయాలో చెప్పనక్కర్లేదు. తను దాన్ని వెనక్కీ ముందుకీ వెళ్ళే పద్ధతిలోనే రాసిందట, చిన్న వరుసలకు సరిగ్గానే వచ్చిందట, పెద్ద వరుస ఇస్తే మాత్రం కంప్యూటర్ కదలకుండా ఉండిపోయిందట.

ఎందుకు ఉండిపోయిందో చూడటానికి ఛందస్సు కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. జాబితాలో రెండే మాటలు పెట్టాను: "ల", "లల". వరుసగా 30 ల-లు రాసి, చివర ఒక "క" చేర్చాను. "క" ఏ మాటలోనూ లేదు, కాబట్టి జవాబు "కాదు" అని మనకు చూడగానే తెలుస్తుంది. కానీ ఎడమ నుంచి కోసుకుంటూ వెళ్ళే ప్రోగ్రాంకు చివరిదాకా వెళ్తేనే ఆ సంగతి తెలుస్తుంది. చివరిదాకా ఎన్ని దారుల్లో వెళ్ళవచ్చు? ఒక్కటిగానో రెండేసిగానో కోయటమంటే లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్నట్టే. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో కంద పద్యం నేర్చుకున్నవాళ్ళు వేళ్ళ మీద చెబుతారు: గగ, భ, జ, స, నల. అయిదే. అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరుకు పదమూడు. ప్రతి సంఖ్యా దాని ముందరి రెండిటి మొత్తం. మాత్రా ఛందస్సును లెక్కించబోయిన విరహాంకుడు, ఆ తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు గమనించిన వరుస ఇదే. ఇప్పుడు ప్రపంచమంతా ఫిబొనాచీ సంఖ్యలంటున్నది దీన్నే. ఈ లెక్కన 30 ల-లకు 13,46,269 దారులున్నాయి. అన్ని దారుల్లోనూ 30వ ల దాకా వెళ్ళి, అన్నిసార్లూ అదే "క"ను చూసి, అన్నిసార్లూ వెనక్కి రావాలి. ల-లను 40 చేస్తే దారులు 16,55,80,141 అవుతాయి. పది అక్షరాలు పెరిగితే పని నూరు రెట్లకు మించి పెరిగింది.

మా మేనకోడలికి ఈ అంకెలు చూపించి ఒక్క ప్రశ్న వేశాను. "17వ ల దగ్గర నువ్వున్నావనుకో. అక్కడికి 2,584 దారుల్లో రావచ్చు. ఏ దారిన వచ్చావన్నదాన్ని బట్టి నీ ముందున్నది ఏమైనా మారుతుందా?"

కాసేపు ఆలోచించింది. "మారదు మావయ్యా. ముందున్నవి ఎప్పుడూ అవే పదమూడు ల-లు, ఆ క."

ఈ పద్ధతికి ప్రాణం ఆ జవాబులో ఉంది. ఒక చోటికి చేరాక, వెనక మాటలను ఎలా కోశామన్నది ముందు కోయబోయే మాటలకు అక్కర్లేదు. అక్కడిదాకా ఏదో ఒక విధంగా మిగులు లేకుండా రాగలిగామా లేదా అన్న ఒక్క సంగతి చాలు. దారులు లక్షల్లో ఉండవచ్చు, చోట్లు మాత్రం 31. చోటుకు ఒక గడి చొప్పున పట్టిక గీసి, ఒక్కో గడిలో ఔను లేదా కాదు అని ఒక్కసారి రాసేస్తే, మళ్ళీ ఆ చోటు గురించి ఎవరినీ అడగక్కర్లేదు. ఈ తరహా లెక్కలకు 1950లలో రిచర్డ్ బెల్‌మన్ డైనమిక్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టాడు. పేరు వింటే భయపడేవాళ్ళకు నేను చెప్పేది, గీసుకోవాల్సింది ఒక వరుస గళ్ళు మాత్రమేనని.

గడిలో ఏం రాస్తున్నామో స్పష్టంగా చెప్పుకోవాలి, తప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి. అయిదో గడిలో ఔను అని ఉంటే దాని అర్థం "మొదటి అయిదు అక్షరాలనూ మిగులు లేకుండా మాటలుగా విడదీయవచ్చు" అని. అయిదో అక్షరం దగ్గర ఒక మాట ముగుస్తోందని మాత్రమే కాదు, మొత్తం వరుస విడిపోతుందని అసలే కాదు. మొదటి నుంచి అక్కడిదాకా ఉన్న ముక్క గురించే ఆ మాట.

మరి గడిని నింపటం ఎలా? చివరి మాటను అడగాలి. మొదటి ఎనిమిది అక్షరాలూ సవ్యంగా విడిపోయాయంటే, ఆ విడదీతలో చివరి మాట ఒకటి ఉంటుంది. అది ఎక్కడో ఒక చోట మొదలై ఎనిమిదో అక్షరంతో ముగుస్తుంది. దాన్ని తీసి పక్కన పెడితే దానికి ముందున్న ముక్క కూడా సవ్యంగా విడిపోయినదే అయి ఉండాలి. ఆ ముందరి ముక్క గురించి మనం ఇంతకుముందే గడిలో రాసి పెట్టుకున్నాం. కాబట్టి చూడాల్సినవి రెండు: ముందరి గడి ఔనా, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఉన్నది జాబితాలోని మాటేనా. రెండూ ఒకేచోట కుదిరితే ఈ గడి ఔను. ఎక్కడి నుంచి చూసినా కుదరకపోతే కాదు.

కోతి దగ్గరికి వద్దాం. అక్షరాలు పది: మా, మి, డి, తో, ట, లో, ప, లి, కో, తి. గళ్ళు పదకొండు, ఎందుకంటే సున్నా గడి కూడా ఉంది. అది ఒక్క అక్షరం కూడా తీసుకోకముందు మనం నిలబడ్డ చోటు. కోయాల్సింది ఏమీ లేదు కాబట్టి అది ఔను. దీన్ని మర్చిపోతే మొదటి మాటకు ముందు ఆనుకునే గడి ఉండదు, పట్టిక మొత్తం కాదు అని వస్తుంది. మొదటిసారి రాసేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఒకటో గడి: "మా" మాటే, దాని ముందు సున్నా గడి ఔను. కాబట్టి ఔను. రెండో గడి: "మి"తో ముగిసే మాట ఏదీ లేదు, కాదు. మూడో గడి: సున్నా నుంచి "మామిడి", ఔను. నాలుగో గడి: సున్నా నుంచి "మామిడితో", ఔను. అయిదో గడి దగ్గర కొంచెం ఆగి చూడండి. నాలుగు ఔనే, కానీ నాలుగు నుంచి అయిదుకు ఉన్నది "ట", అది మాట కాదు. మూడు నుంచి చూస్తే "తోట", మూడూ ఔనే. కాబట్టి అయిదు ఔను. ఆరో గడి మూడు నుంచి "తోటలో" వల్ల ఔను. ఏడో గడికి "ప"తో ముగిసే మాట లేదు, కాదు. ఎనిమిదో గడి: అయిదు నుంచి "లోపలి", అయిదు ఔను, కాబట్టి ఎనిమిదీ ఔను. తొమ్మిది కాదు. పదో గడి: ఎనిమిది నుంచి "కోతి", ఎనిమిది ఔను. పది ఔను. చివరి గడి ఔను అయింది కాబట్టి వరుస మొత్తం విడిపోతుంది.

ఒకటి, నాలుగు, ఆరు గళ్ళను మళ్ళీ చూడండి. మూడూ ఔనే, కానీ వాటి నుంచి ముందుకు దారి లేదు. మొదట మన మనిషి ఇరుక్కున్నది సరిగ్గా ఈ మూడు చోట్లే. అక్కడ ఆయన వెనక్కి నడవాల్సి వచ్చింది. పట్టికకు అది అక్కర్లేదు. పనికిరాని ఔనులు తమ గళ్ళలో తాము ఉంటాయి, తర్వాతి గళ్ళు వాటిని ఆనుకోవు, అంతే. వాటిని చెరిపెయ్యాల్సిన పని లేదు.

ఇప్పుడు జాబితాలోంచి "లోపలి" తీసేద్దాం. ఎనిమిదో గడి కాదు అయిపోతుంది. పదో గడి దగ్గరికొస్తే "కోతి" జాబితాలో ఉంది, కానీ అది ఆనుకోవాల్సిన ఎనిమిది కాదు. కాబట్టి పది కూడా కాదు. చివర మంచి మాట కనిపించినంత మాత్రాన చాలదు. ఈ స్థితిలో కుడివైపున అన్నిటికన్నా దూరంగా ఉన్న ఔను ఆరో గడి. దాని తర్వాత మిగిలింది "పలికోతి". ఓసీఆర్ వరుసలు సరిచేసేటప్పుడు నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఈ సంగతే. వరుస విడిపోలేదని ఊరుకోకుండా, ఔను ఎంతదాకా వచ్చి ఆగిపోయిందో అచ్చువేయిస్తే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అయితే తప్పు సరిగ్గా అక్కడే ఉందనుకోకూడదు. ఇక్కడ లేని మాట "లోపలి" అయిదు దగ్గర మొదలవుతుంది, ఔనేమో ఆరు దాకా వచ్చింది. ఒక మాట వెనక్కి కూడా చూడాలి.

మాటలు కూడా కావాలంటే, గడిని ఔను అని గుర్తించేటప్పుడు అది ఏ గడిని ఆనుకుందో పక్కన రాసుకుంటే సరిపోతుంది. పది ఎనిమిదిని ఆనుకుంది, ఎనిమిది అయిదును, అయిదు మూడును, మూడు సున్నాను. చివరి నుంచి మొదటికి నడిస్తే కోతి, లోపలి, తోట, మామిడి అని తలకిందులుగా వస్తాయి. తిప్పి రాసుకోవటమే.

పైథాన్‌లో రాస్తే ఇంతే:

```python
def can_split(s, words):
    n = len(s)
    longest = max(len(w) for w in words)
    ok = [False] * (n + 1)
    ok[0] = True
    for i in range(1, n + 1):
        for j in range(max(0, i - longest), i):
            if ok[j] and s[j:i] in words:
                ok[i] = True
                break
    return ok[n]
```

ఇందులో `longest` అన్నది జాబితాలోని అతి పొడవైన మాట పొడవు. ఒక గడి నుంచి వెనక్కి అంతకన్నా దూరం చూడటం దండగ, ఎందుకంటే అంత పొడవైన మాట లేదు. లీట్‌కోడ్‌లో వరుస పొడవు గరిష్ఠంగా 300, మాట పొడవు గరిష్ఠంగా 20. అంటే 300 గళ్ళు, గడికి 20 చూపులు, మొత్తం 6,000కు మించదు. ల-ల వరుసకు ఈ పట్టిక వేస్తే చూపులు 62కు మించవు. అంతకుముందు పదమూడు లక్షల దారులు తిరిగిన పని అది. `words` మాత్రం పైథాన్‌లో సెట్‌గా ఉండాలి. మామూలు లిస్టుగా ఇస్తే ప్రతి చూపుకూ జాబితా మొత్తం పై నుంచి కిందికి వెతుకుతుంది. మా మేనకోడలు మొదట అలాగే రాసింది. వెయ్యి మాటలున్నప్పుడు తేడా తెలియలేదు, నా లక్ష మాటల జాబితా ఇచ్చేసరికి తెలిసింది.

తెలుగుతో ఈ ప్రోగ్రాం నడిపితే ముందుగా ఎదురయ్యేది అక్షరమంటే ఏమిటన్న ప్రశ్న. మనం పది అక్షరాలు అన్నాం. పైథాన్‌ను `len` అడిగితే 18 అంటుంది. మనకు "మి" ఒక అక్షరం, కంప్యూటర్‌కు "మ" ఒకటి, గుడి ఒకటి. కాబట్టి గళ్ళు పదకొండు కాకుండా పంతొమ్మిది అవుతాయి, హద్దులు అక్షరాల నడుమ కూడా పడతాయి. జాబితాలో "మామ" ఉందనుకోండి. ప్రోగ్రాం "మామిడి" మొదట్లో "మామ"ను చూసి, మూడో గడిని ఔను చేస్తుంది. మిగిలింది గుడితో మొదలయ్యే "డి" ముక్క. ఇందువల్ల జవాబు తప్పదు, ఎందుకంటే గుణింతపు గుర్తుతో మొదలయ్యే మాట తెలుగులో లేదు. అది కూడా ముందుకు సాగని ఔనుగా ఉండిపోతుంది. కానీ జాబితా శుభ్రంగా లేకపోతే ప్రమాదమే. టైపు చేసేటప్పుడు విడిగా పడిన ఒక గుడి, ఒక కొమ్ము జాబితాలోకి మాటగా చేరితే, మాటలన్నీ అక్షరాల మధ్యలో విరిగి ఔనుల వరద వస్తుంది. నా జాబితాలో అలాంటివి నిజంగానే దొరికాయి. ఒక్క అక్షరం పొడవున్న పదాలన్నిటినీ ముందు అచ్చువేసి కళ్ళతో చూసుకోవటం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. కంటికి ఒకటిగా కనిపించేవి కంప్యూటర్‌కు వేరు కావచ్చు. "పై"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. తెర మీద తేడా లేదు. వరుసలో ఒక రకం, జాబితాలో ఇంకో రకం ఉంటే పట్టిక అక్కడే ఆగిపోతుంది. రెండిటినీ ముందుగా `unicodedata.normalize("NFC", s)` గుండా పంపితే ఈ బాధ తీరుతుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు నిలబెట్టడానికి కంటికి కనపడని U+200C గుర్తు వేస్తారు. ఒకచోట అది ఉండి, ఇంకోచోట లేకపోయినా అంతే. NFC దాన్ని తీయదు, మనమే రెండు వైపుల నుంచీ తీసెయ్యాలి. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉండి పట్టిక ఒకచోట మొండికేసిందంటే, ఆ చోట కనపడని గుర్తేదో ఉందేమోనని వెతకండి.

ఈ పట్టిక చెప్పే ఔనుకు ఎంత విలువ ఇవ్వాలన్నది వేరే సంగతి. తెలుగులో ఒకే అక్షరం మాటలు చాలా ఉన్నాయి: ఆ, ఈ, మా, మీ, నా, నీ. వీటితోపాటు తో, లో, కి, కు లాంటి విభక్తుల్ని కూడా జాబితాలో చేర్చుకుంటూ పోతే, ఏ పిచ్చి వరుసకైనా ఔను అనే పట్టిక తయారవుతుంది. జాబితా పెద్దదయ్యేకొద్దీ "కాదు" అన్న జవాబుకు విలువ పెరుగుతుంది, "ఔను" అన్న జవాబుకు తగ్గుతుంది. అన్ని మాటలు తెలిసిన పట్టిక కూడా కాదందంటే వరుసలో నిజంగా ఏదో తప్పుంది.

పైగా ఒకే వరుస రెండు విధాల సవ్యంగా విడిపోవచ్చు, రెండూ అర్థవంతం కావచ్చు. మన కవులు దాన్ని కావాలనే చేశారు. అవే అక్షరాలను రెండు చోట్ల రెండు రకాలుగా విరిచి రెండర్థాలు సాధించటాన్ని సభంగశ్లేష అంటారు. 16వ శతాబ్దపు పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణాన్నీ భారతాన్నీ ఒకే పద్యాలలో చెప్పాడు. ఆ కావ్యంలో ఈ శ్లేష ముఖ్యమైన పనిముట్టు. అలాంటి పద్యపాదాన్ని మన పట్టికకు ఇస్తే ఒక ఔను చెప్పి ఊరుకుంటుంది. రామకథ ఎక్కడ విరిగింది, భారతకథ ఎక్కడ విరిగింది అన్నది దాని గళ్ళలో లేదు. ఎన్ని విధాలో తెలియాలంటే గడిలో ఔనుకు బదులు లెక్క రాయాలి: ఈ గడి ఆనుకోగల గళ్ళన్నిటిలోని లెక్కల మొత్తం. ల-ల వరుసకు అలా రాస్తే హేమచంద్రుడి సంఖ్యలే గడి గడికీ వస్తాయి.

ఇంతదాకా నేను తప్పించుకుంటూ వచ్చింది సంధి. మా మేనకోడలు ప్రోగ్రాం పూర్తికాగానే మొదట "మేనకోడలు" అని టైపు చేసింది. జాబితాలో "మేన", "కోడలు" ఉన్నాయి, ఔను వచ్చింది. తర్వాత వాళ్ళ తమ్ముడి కోసం "మేనల్లుడు" అని కొట్టింది. కాదు.

"అల్లుడు ఉంది కదా మావయ్యా జాబితాలో?"

ఉంది. కానీ వరుసలో అల్లుడు లేడు. మేన, అల్లుడు కలిసినప్పుడు అత్వసంధి వల్ల రెండు అ-కారాలు ఒకటయ్యాయి. వరుసలో "మేన" తర్వాత మిగిలింది "ల్లుడు". మన పట్టిక పక్కపక్కన అంటించిన మాటల్నే విడదీస్తుంది, కలిసేటప్పుడు కరిగిపోయిన అక్షరాన్ని తిరిగి తేలేదు. అది కాదు అనటం తన లెక్క ప్రకారం సరైనదే.

ఈ ఒక్క సంధికి మందు తేలిక. కొత్త గళ్ళు కూడా అక్కర్లేదు. ఒక గడి ఔను అయి, దాని ముందరి అక్షరం ఏ గుణింతపు గుర్తూ లేని హల్లు అయితే, అక్కడ మాట అ-కారంతో ముగిసిందన్నమాట. అలాంటి చోట తర్వాతి ముక్కను ఉన్నదున్నట్టు ఒకసారి, ముందు "అ" చేర్చి ఇంకోసారి జాబితాలో వెతకాలి. "ల్లుడు"కు "అ" చేరిస్తే "అల్లుడు". "మేనత్త"లో "త్త"కు చేరిస్తే "అత్త". రెండూ ఔను అయ్యాయి.

ఉత్వసంధి దగ్గర పని ఇంకాస్త లోతుకు పోతుంది. "రాముడెవడు"లో "డె" అనే ఒకే అక్షరం రెండు మాటలదీ. హల్లు రాముడిది, ఎత్వం ఎవడుది. హద్దు అక్షరం లోపల పడుతుంది. అక్షరాల గళ్ళు గీసుకున్న పట్టికకు ఆ చోటే లేదు. ఇందాక ఇబ్బంది అనుకున్న 18 గుర్తుల లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. "డ"కూ ఎత్వానికీ మధ్య గడి ఉంది కాబట్టి, అక్కడ ఎడమవైపు కొమ్ము చేర్చి, కుడివైపు ఎత్వాన్ని "ఎ"గా మార్చి వెతకవచ్చు. సంస్కృత వాక్యాలను సంధులు విప్పి విడదీయటానికి ఫ్రాన్స్‌లో జెరార్ హ్యూట్ తయారుచేసిన సంస్కృత్ హెరిటేజ్ వ్యవస్థ ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది.

సంధి విప్పటం నేర్పాక నా పాత పుస్తకం వరుసలు మళ్ళీ నడిపించాం. చాలావాటికి ఔను వచ్చింది. విడదీతలను చదువుతూ మా మేనకోడలు ఒకచోట ఆగింది. "పాటలపుస్తకం" అన్న వరుస "పాట, అల, పుస్తకం" అని విడిపోయింది. జాబితాలో "పాటల" లేదు. "పాట" అ-కారంతో ముగిసింది, మిగిలిన "ల"కు "అ" చేర్చితే "అల" అయింది. వ్యాకరణం ప్రకారం తప్పు కాదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పాటల, కథల, కలల, పిల్లల అంటూ బహువచనం మీద నిలిచే రూపాలను జాబితాలోకి చేర్చాం. మళ్ళీ నడిపితే చివరి గడి అంతకుముందులాగే ఔను అంది. "ల" తర్వాతి గడి ఆనుకున్న గడి మాత్రం మారింది. ప్రోగ్రాం వెనకటి గళ్ళను ఎడమ చివర నుంచి చూస్తూ వస్తుంది కాబట్టి, దానికి పొడవైన మాటే ముందు తగులుతుంది. మధ్యలోని మాట "అల" పోయి, "పాటల", "పుస్తకం" అని రెండు మాటలు మిగిలాయి.